π అంటే 180 కాదు: సైకిలు చక్రం, పూలదారం, రేడియన్లు

బెంగళూరులో మారతహళ్ళి వైపు పీయూసీ పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. పీయూసీ అంటే మన ఇంటర్మీడియటే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగు ఇళ్ళ పిల్లలు ఎక్కువ. కాలేజీలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. లెక్క ఇంగ్లీషులో రాసుకుంటారు, సందేహం మాత్రం తెలుగులో అడుగుతారు. ఈ కేసు అలాంటి ఒక అమ్మాయిది. ఎవరో తెలిసిపోయే వివరాలు వదిలేశాను. లెక్కలు, ఆ అమ్మాయి రాసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఎందుకంటే ఈ తప్పు చాలామంది నోటుపుస్తకాల్లో ఉంటుంది, దాని పక్కన ఎర్ర ఇంకుతో రాసే దిద్దుబాటు మాత్రం తరచుగా వేరే తప్పుకి సంబంధించినదై ఉంటుంది.

వచ్చిన సమస్య

మొదటి ఏడాది. పదో తరగతిలో వృత్తాల వైశాల్యాలు బాగా చేసిన పిల్ల. త్రికోణమితి మొదలయ్యాక మొదటి యూనిట్ టెస్టులో చక్రాల లెక్కలన్నీ పోయాయి. వాళ్ళమ్మగారు ఆ పేపరు పట్టుకొచ్చారు. అందులో మొదటి లెక్క ఇది: వ్యాసార్ధం 14 సెం.మీ., కేంద్రం దగ్గర కోణం 60°, చాపం పొడవు ఎంత? అమ్మాయి రాసింది చూడండి.

```
θ = 60° = π/3
s = rθ = 14 × π/3
  = 14 × 180/3
  = 840 cm
```

పక్కన ఎర్ర ఇంకుతో "కోణాన్ని రేడియన్లలోకి మార్చు" అని ఉంది. కానీ ఆ అమ్మాయి మార్చింది! రెండో వరుసలో π/3 కనిపిస్తూనే ఉంది. మార్చాక, మూడో వరుసలో π బదులు 180 వేసి, మార్చినదాన్ని తెలియకుండానే వెనక్కి తిప్పేసింది. మార్చమని చెప్పే దిద్దుబాటు అప్పటికే మార్చిన పిల్లకి ఏం సాయం చేస్తుంది? రెండో లెక్క సెక్టరు వైశాల్యం. అదే వృత్తం, అదే కోణం. `A = ½r²θ` అని రాసి, ½ × 196 × 60 వేసి 5880 చ.సెం.మీ. అంది.

నేను జవాబు తప్పని చెప్పకుండా ఒక ప్రశ్న అడిగాను.

"ఈ వృత్తం చుట్టుకొలత ఎంతమ్మా?"

"88 సెంటీమీటర్లు సార్." ఠక్కున చెప్పింది, 22/7 వేసి.

"60 డిగ్రీలంటే అందులో ఎన్నో వంతు?"

"ఆరో వంతు."

"88లో ఆరో వంతు 840 ఎలా అయింది?"

చాలాసేపు పేపరు వంక చూసి, "కానీ సార్, π అంటే 180 కదా?" అంది.

సమస్య అక్కడుంది. సూత్రం వచ్చు, గుణకారం వచ్చు. వృత్తం వైశాల్యం అడిగితే π అంటే 22/7 అనుకుంటోంది. త్రికోణమితిలోకి రాగానే π అంటే 180 అనుకుంటోంది. ఒకే అక్షరానికి రెండు విలువలు, ఏ పాఠంలో ఉంటే ఆ విలువ. రెండూ ఒక లెక్కలో ఎదురుపడేదాకా ఇబ్బంది రాలేదు. చాపం పొడవు దగ్గర ఎదురుపడ్డాయి.

ఆ అలవాటు ఎక్కడ పడిందో ఊహించడం కష్టం కాదు. sin(π/6) ఎంత అని అడిగితే π బదులు 180 వేస్తే 30 వస్తుంది, జవాబు సగం. ఇలా వారాల తరబడి చేస్తారు, ప్రతిసారీ జవాబు కరెక్టే. బోర్డు మీద కూడా తొందరలో "π = 180" అనే రాస్తాం. నేనూ రాసేవాణ్ణి. నిజానికి రాయాల్సింది "π రేడియన్లు = 180 డిగ్రీలు". గజం అంటే మూడు అడుగులు కదా అని 1 = 3 అని ఎవరూ రాయరు. కొలత పేరు తీసేస్తే ఆ వాక్యమే అబద్ధమవుతుంది. π దగ్గర మాత్రం ఆ పేర్లు తీసేసి పిల్లల చేతికిస్తున్నాం.

మొదట చేసింది, అది ఎక్కడ తెగింది

మళ్ళీ టెస్టు పది రోజుల్లో ఉంది. అందుకని దగ్గరి దారి చూశాను: "జవాబు కోణమైతే π అంటే 180. జవాబు పొడవో వైశాల్యమో అయితే π అంటే 3.14." ఇలా ఎందుకు చెప్పానంటే, పేపర్లోని రెండు తప్పులకీ ఇది సరిగ్గా సరిపోయింది, పిల్ల తేలిగ్గా గుర్తుపెట్టుకోగలదు. ఆ సాయంత్రం ఇచ్చిన చాపాలు, సెక్టర్లు అన్నీ కరెక్టుగా చేసింది. నేనూ సంతోషించాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళ పుస్తకంలోని ప్రసిద్ధమైన లెక్క ఇచ్చాను. చక్రం నిమిషానికి 360 సార్లు తిరుగుతుంది, సెకనుకి ఎన్ని రేడియన్లు తిరుగుతుంది? 360ని 60తో భాగిస్తే సెకనుకి 6 చుట్లు. ఒక్కో చుట్టూ 2π కాబట్టి 12π. ఇక్కడిదాకా చక్కగా వచ్చింది. అడిగింది కోణం కాబట్టి నా నియమం ప్రకారం π అంటే 180. జవాబు 2160 రేడియన్లు అని రాసింది.

2160 అన్న సంఖ్య తప్పు కాదు. ఆ చక్రం సెకనుకి తిరిగేది 2160 డిగ్రీలే. పక్కన రాసిన పేరే తప్పు. అలాగే వదిలేసి, చక్రం వ్యాసార్ధం 35 సెం.మీ. అయితే అంచు ఎంత వేగంతో పోతుందో చెప్పమన్నాను. `v = rω` వేసి 35ని 2160తో గుణించింది. సెకనుకి 75,600 సెం.మీ., అంటే 756 మీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకి దాదాపు 340 మీటర్లు. సైకిలు చక్రమంత చక్రం, దాని అంచు ధ్వనికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో పోతోందన్నమాట. అసలు జవాబు 35 × 37.7, అంటే సెకనుకి సుమారు 13.2 మీటర్లు. గంటకి సుమారు 47 కిలోమీటర్లు.

తప్పు నా నియమంలో ఉంది. కోణీయ వేగం లెక్కలో π పుట్టేది కోణంలో, తేలేది పొడవులో. మధ్యలో ఏ విలువ వేయాలో "జవాబు ఏమిటి" అన్నదాన్ని బట్టి తేల్చలేం. అసలు π విలువ జవాబుని బట్టి మారుతుందని చెప్పడమే తప్పు. ఆ పిల్లకున్న అపార్థాన్ని తీసేయాల్సిన నేను, దానికి ఒక టైమ్‌టేబుల్ వేసిచ్చాను.

రెండోసారి రేడియన్లు పక్కనపెట్టి పదో తరగతి దారి పట్టాను. మొత్తం చుట్టుకొలతలో θ/360 వంతు చాపం, మొత్తం వైశాల్యంలో అదే వంతు సెక్టరు. ఇది అర్థంతో కూడిన దారి, పిల్లకి గట్టిగా వచ్చినది కూడా. ముందు ఇది నిలబడితే, మెల్లగా 360 బదులు 2π పెట్టి రేడియన్లలోకి రావచ్చని నా లెక్క. మూడు రోజులు బాగానే నడిచింది. తర్వాత కోణమే రేడియన్లలో ఉన్న లెక్క ఒకటి ఇచ్చాను: వ్యాసార్ధం 21 సెం.మీ., కోణం 1.5 రేడియన్లు.

కాసేపు ఆగి, 1.5 పక్కన చిన్నగా π అని రాసి, 270 డిగ్రీలు అనుకుని, 132లో ముప్పావు వంతు 99 సెం.మీ. అని తేల్చింది. రావలసింది 21 × 1.5, అంటే 31.5.

"అమ్మా, ఆ π ఎందుకు కలిపావు?"

"ప్రింటింగ్ తప్పు అనుకున్నా సార్. రేడియన్ అంటే π ఉండాలి కదా."

ఈ ఒక్క మాట కోసం రెండు వారాలు పట్టింది. అప్పుడు అడిగాను: "ఒక రేడియన్ ఎంతుంటుందో చేతులతో చూపించు." రెండు చేతులూ బార్లా చాపి, ఒకే గీతలా పెట్టింది. సగం చుట్టు. ఆ పిల్ల మనసులో రేడియన్ అన్న కోణం అసలు లేదు. π అన్న గుర్తు ఒక్కటే ఉంది, దానికి డిగ్రీల్లోకి మార్చుకునే ఒక పలక ఉంది. ఇలాంటప్పుడు ఎన్ని సూత్రాలు చెప్పినా అవి పోయి ఆ పలకకే తగులుకుంటాయి.

ఇప్పుడు ఎవరికైనా ఈ పాఠం చెప్పేముందు నేను అడిగే మొదటి ప్రశ్న అదే. ఒక రేడియన్ చేతులతో చూపించమంటాను. పేపరు మీద కనిపించని తప్పు అక్కడ కనిపిస్తుంది.

చక్రం దగ్గరికి

సెల్లారు పార్కింగ్‌లో వాళ్ళ సైకిలు ఉంది. దాన్ని తలకిందులుగా నిలబెట్టాం. వాళ్ళ నానమ్మగారు పూలు కట్టే దారం ఉండ ఇచ్చారు. ఇరుసు మధ్య నుంచి టైరు బయటి అంచుదాకా కొలిస్తే 33 సెం.మీ. వచ్చింది. టైరు పక్కన 37-590 అని అచ్చువేసి ఉంది. రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 590 మి.మీ., టైరు మందం 37 మి.మీ. అని దానర్థం. 590లో సగం 295, దానికి 37 కలిపితే 332. మా కొలత సరిగ్గానే ఉందని ధైర్యం వచ్చింది.

33 సెం.మీ. చొప్పున ఏడు దారం ముక్కలు కత్తిరించమన్నాను. వాటిని టైరు మీద ఒకదాని వెనక ఒకటి అంటిస్తూ, ప్రతి ముక్క చివర సుద్దతో గీత పెట్టాలి. టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దారం పక్కకి జారిపోతూ ఉంది. రెండేసి చోట్ల టేపు ముక్కలు వేస్తే గానీ నిలవలేదు. దారాన్ని గట్టిగా లాగితే సాగుతుంది, వదులుగా వేస్తే వంకర పోతుంది. రెండు సార్లు పీకి మళ్ళీ వేసింది.

ఆరు ముక్కలు పట్టాయి. ఏడోది పట్టలేదు. మిగిలిన ఖాళీ 9 సెం.మీ. చిల్లర. 9ని 33తో భాగించి, "ఆరూ పాయింట్ రెండు ఏడు" అంది. నేనేమీ అనలేదు. కాసేపటికి తనే, "సార్, ఇది 2π" అంది.

"సగం చుట్టుకి?"

"మూడు ముక్కలూ కొంచెం. 3.14."

"180 ఎక్కడుంది?"

చక్రం చుట్టూ చూసింది. "లేదు సార్. డిగ్రీలతో కొలిస్తే 180. దారంతో కొలిస్తే 3.14."

నేను చెప్పాలనుకున్న వాక్యం అదే, కానీ తను చెప్పింది. సగం చుట్టు ఒక్కటే. డిగ్రీలతో లెక్కపెడితే 180, వ్యాసార్ధమంత దారంతో లెక్కపెడితే 3.14. π ఎప్పుడూ 3.14 చిల్లరే. అది ఎక్కడా 180 కాదు. అప్పటికప్పుడు నోటుపుస్తకం మొదటి పేజీలో ఉన్న "π = 180" కొట్టేసి, "π దారాలు = 180 డిగ్రీలు" అని రాసుకుంది. రేడియన్లు అని రాయమనలేదు. దారాలు అనే ఉండనిచ్చాను, ఆ మాటకి అప్పుడు బరువు ఉంది.

ఒక దారం ముక్క అంటే ఎన్ని డిగ్రీలో అడిగాను. ముక్కలు ఆరు పట్టాయి కదా, 60 అనుకుంది. మిగిలిన ఖాళీ గుర్తొచ్చి, "60 కన్నా కొంచెం తక్కువ" అని సర్దుకుంది. ఎందుకు తక్కువో నేలమీద గీసి చూపించాను. మూడు వైపులా ఒకే పొడవున్న త్రిభుజమైతే మూల 60 డిగ్రీలు. ఇక్కడ రెండు వైపులు వ్యాసార్ధాలు, మూడో వైపు దారం, అదీ వ్యాసార్ధమంతే. కానీ ఆ దారం తిన్నగా లేదు, వంగి టైరు మీద పడుకుంది. కర్రని విల్లులా వంచితే కొసలు దగ్గరికి వస్తాయి కదా. కొసలు దగ్గరైతే కోణం కాస్త ముడుచుకుంటుంది. 57.3 డిగ్రీలకి వచ్చి ఆగుతుంది.

రేడియన్ అన్న పేరు 1873లో బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ ఇచ్చిన పరీక్ష పేపర్లో అచ్చయింది. కానీ వృత్తాన్నీ దాని వ్యాసార్ధాన్నీ ఒకే కొలతతో కొలవడం మనకి చాలా పాతది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి జ్యా పట్టికలో చుట్టుని 21,600 కళలుగా, వ్యాసార్ధాన్ని 3438 కళలుగా తీసుకున్నాడు. 3438ని 60తో భాగిస్తే 57.3 డిగ్రీలు. ఆయన చుట్టు కొలతతో వ్యాసార్ధాన్ని కొలిచాడు, మనం వ్యాసార్ధంతో చుట్టుని కొలుస్తున్నాం. ఇది చెప్పగానే అమ్మాయి సుద్దముక్క తీసుకుని నేలమీద తనే భాగించి చూసుకుంది.

మళ్ళీ ఒక తప్పు, ఈసారి కొత్తది

మర్నాడు వచ్చి, "సార్, రేడియన్ అంటే 33 సెంటీమీటర్లు" అంది. దారంతో చెప్పినప్పుడు ఇది రావడం సహజమే, నేను ముందే చూసుకోవలసింది. కొలవడానికి వాడినది పొడవు, కొలుస్తున్నది కోణం. రెండూ కలిసిపోయాయి.

ఇంట్లోంచి కంచం తెప్పించాను. వ్యాసార్ధం 14 సెం.మీ. పాత దారం ముక్క దాని అంచు మీద వేస్తే చుట్టులో మూడో వంతు దాటి పోయింది. "ఇది దీని దారం కాదమ్మా. దీనిది 14 సెంటీమీటర్ల దారం" అని కొత్తవి కత్తిరించమన్నాను. కంచం చుట్టూ కూడా ఆరు ముక్కలు, పైన కొంచెం. తర్వాత ఒక అట్టపెట్టె అట్ట మీద ఒకే కేంద్రంతో 14, 33 సెం.మీ. వృత్తాలు రెండూ గీయించి, ఒకే గీత నుంచి మొదలుపెట్టి, చిన్నదాని మీద చిన్న దారం, పెద్దదాని మీద పెద్ద దారం వేయించాను. రెండు దారాల చివరలూ కేంద్రం నుంచి వచ్చే ఒకే గీత మీద ఆగాయి. పొడవులు వేరు, కోణం ఒకటే.

ఇక్కడ నాకు అక్కరకొచ్చింది వీధి చివర పూలు అమ్మే ఆవిడ. మల్లెలు మూరల్లో అమ్ముతుంది, ఇక్కడ మొళ అంటారు. మోచెయ్యి నుంచి వేలి కొసదాకా కొలిచి తెంపుతుంది. చిన్నపిల్ల మూర చిన్నది, పెద్దవాళ్ళ మూర పెద్దది. కానీ ఎవరి ఎత్తుని వాళ్ళ మూరతోనే కొలిస్తే పెద్దకీ పిల్లకీ ఇంచుమించు ఒకే సంఖ్య వస్తుంది. మనుషుల్లో ఇంచుమించుగా అయ్యేది వృత్తాల్లో ఖచ్చితంగా అవుతుంది. ప్రతి చక్రానికీ తన వ్యాసార్ధమే తన మూర. రేడియన్ అంటే ఆ మూరల లెక్క. మూర పొడవు కాదు, ఎన్ని మూరలు అన్నది. ఇలా చెప్పాక "33 సెంటీమీటర్లు" మళ్ళీ వినిపించలేదు.

దీంతో `s = rθ` దానంతట అదే వచ్చేసింది. ఒక మూర 14 సెం.మీ., ఎన్ని మూరలు? θ మూరలు. మొత్తం 14θ. పూలు కొన్నంత సులువు. "సెంటీమీటర్లని రేడియన్లతో గుణిస్తే రేడియన్ ఎక్కడికి పోయింది సార్?" అని అడిగింది, మంచి ప్రశ్న. మూరకి 14 సెం.మీ., మూరలు 1.5 అంటే 21 సెం.మీ. అంతే కదా. రేడియన్ ఒట్టి లెక్క, రెండు పొడవుల నిష్పత్తి. అందుకే అది జవాబులో మిగలదు. డిగ్రీలు అలా కావు. డిగ్రీకి వ్యాసార్ధంతో సంబంధం లేదు, చుట్టుని 360 ముక్కలు చేయాలన్నది మనుషులు పెట్టుకున్న పద్ధతి. కాబట్టి డిగ్రీలు `s = rθ` లో పెడితే అర్థం ఉండదు. "రేడియన్లలోకి మార్చు" అన్న నియమానికి కారణం ఇది. కారణం చేతికి వచ్చాక నియమం గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకపోయింది.

సెక్టరు

మొదట సైకిలు పుల్లలే చూపించి, రెండు పుల్లల మధ్య భాగాన్ని సెక్టరు అందామనుకున్నాను. కానీ దగ్గరగా చూస్తే పుల్లలు ఇరుసు మధ్య నుంచి బయల్దేరవు. హబ్బు అంచు నుంచి పక్కకి వాలి, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. వాటిని వ్యాసార్ధాలు అంటే కళ్ళముందే అబద్ధం చెప్పినట్టు. అందుకే అట్ట మీది 33 సెం.మీ. వృత్తాన్నే వాడాం.

చుట్టుని 36 సన్న ముక్కలు చేయించాను. ఒక్కో ముక్క అంచు 5.76 సెం.మీ., ఎత్తు 33 సెం.మీ. దాన్ని త్రిభుజం అనుకుంటే వైశాల్యం ½ × 5.76 × 33, సుమారు 95 చ.సెం.మీ. "కానీ అడుగు వంగి ఉంది సార్" అంది. వంగే ఉంది. అందుకే ముక్క ఎంత సన్నమైతే వంపు అంత తగ్గుతుంది, త్రిభుజానికీ ముక్కకీ తేడా అంత కరిగిపోతుంది. అన్ని ముక్కల ఎత్తూ ఒకటే, r. అడుగులన్నీ కలిపితే చాపం పొడవు, rθ. కాబట్టి మొత్తం ½ × rθ × r. `½r²θ` లో ఆ సగం త్రిభుజానిదని తెలిశాక, ఆ సగాన్ని మర్చిపోవడం మానేసింది.

పాత లెక్క తనే తీసి మళ్ళీ చేసింది. చాపం 14.67 సెం.మీ., సెక్టరు ½ × 14.67 × 14, అంటే 102.7 చ.సెం.మీ. మొత్తం వృత్తం 616, అందులో ఆరో వంతు 102.7. రెండు దార్లూ ఒకచోటే కలిశాయని చూసుకుంది. మొదటిసారి రాసిన 5880 మొత్తం వృత్తానికి తొమ్మిది రెట్లకి పైన ఉందని కూడా తనే గమనించింది.

తిరిగే చక్రం

అసలు తెగిన చోటు ఇది కాబట్టి ఇక్కడ తొందరపడలేదు. వెనక చక్రం గాలి పోసే వాల్వుకి ఎర్రదారం కట్టించి, పెడలుని చేత్తో ఒకే ఊపులో తిప్పమన్నాను. వట్టిగా ఒకసారి తిప్పి వదిలేస్తే చక్రం మెల్లమెల్లగా నెమ్మదిస్తుంది, లెక్క కుదరదు. ఎర్రదారం పది సార్లు వచ్చేసరికి 8 సెకన్లు. సెకనుకి 1.25 చుట్లు.

"ఒక చుట్టుకి ఎన్ని మూరలు?"

"2π. అంటే 6.28."

"సెకనుకి?"

"1.25 ఇంటూ 6.28... 7.85 మూరలు."

ω అంటే ఇదే: సెకనుకి కళ్ళముందు నుంచి ఎన్ని మూరలు గడిచాయి. మూర 33 సెం.మీ. కాబట్టి అంచు వేగం 33 × 7.85, సెకనుకి 259 సెం.మీ. గంటకి తొమ్మిది కిలోమీటర్లకి కాస్త పైన. పైగా ఒక మాట అడిగాను: ఇరుసుకీ అంచుకీ సరిగ్గా మధ్యలో, 16.5 సెం.మీ. దగ్గర ఒక పుల్లమీద చుక్క పెడితే అది సెకనుకి ఎన్ని మూరలు పోతుంది? "దాని మూరా?" అని అడిగింది. దాని మూరే. "అయితే అదీ 7.85. కానీ మూర సగం కాబట్టి వేగం సగం." చక్రం మీద ప్రతి బిందువుకీ ω ఒకటే ఎందుకో, v ఎందుకు మారుతుందో ఈ ఒక్క జవాబులో ఉంది.

తర్వాత సైకిలు నిలబెట్టి, టైరుకి సుద్దగీత పెట్టి, ఒక చుట్టు నేలమీద నడిపించాం. 207 సెం.మీ. పోయింది. 2π × 33 కూడా 207.3. అమ్మాయి ఎక్కి కూర్చుంటే అదే చుట్టుకి రెండు సెం.మీ. దాకా తగ్గింది. బరువుకి టైరు అణిగి, నేలకి తగిలే చోట వ్యాసార్ధం కొంచెం తగ్గుతుంది. లెక్కలో ఏ r వేయాలన్నది చక్రం గాల్లో ఉందా నేలమీద ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుందని అప్పుడు చెప్పాను. దాన్ని పొడిగించలేదు.

పుస్తకంలోని 360 చుట్ల లెక్క మళ్ళీ ఇస్తే 12π రాసి, పక్కన 37.7 అని, దాని కింద "సెకనుకి 37.7 మూరలు" అని రాసింది. తర్వాతి టెస్టులో ఈ పాఠంలో ఒక్క లెక్కే పోయింది. నిమిషానికి ఇచ్చిన చుట్లని 60తో భాగించడం మర్చిపోయింది. ఆ పొరపాటు ఇంకా అప్పుడప్పుడూ వస్తుంది. అది అపార్థం కాదు, తొందర. దానికి సెకనా నిమిషమా అని ముందే గీత కొట్టుకోవడం ఒక్కటే మందు.

ఈ కేసులో నేను మార్చుకున్నది ప్రధానంగా ఒకటి. రెండు వారాలు π విలువ ఎప్పుడు ఎంత వేయాలి అన్నదాని చుట్టూ తిరిగాను. π లేని రేడియన్ మొదట చూపించాల్సింది. అందుకే ఇప్పుడు పాఠం 1 రేడియన్, 2 రేడియన్లు, అర రేడియన్ తోనే మొదలుపెడతాను. దారం సగం చుట్టు తిరిగాక గానీ π పేరెత్తను. బోర్డు మీద కొలత పేరు లేకుండా "π = 180" రాయను.

చివరి రోజు చైను గురించి అడిగింది నేను కాదు. సైకిలు తుడుస్తూ ఆ అమ్మాయే ఆగి, "సార్, ముందు పళ్ళచక్రానికీ వెనక దానికీ చైను ఒకటే దారం కదా?" అంది. ఒకే పొడవు చైను రెండింటి మీదా పోతుంది, మూరలు మాత్రం వేరు. ముందు పళ్ళు లెక్కపెట్టింది, 44. వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే 44 పళ్ళ చైను లాగుతుంది, వెనక చక్రం 44/18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. పెడలు సెకనుకి ఒక చుట్టు అనుకుని, గ్రీజు అంటిన వేళ్ళతోనే అట్ట వెనక రాసింది.

```
ω = 2.44 × 2π = 15.4 rad/s (సుమారు)
v = 0.33 × 15.4 = 5.1 m/s (సుమారు)
```

"గంటకి పద్దెనిమిది కిలోమీటర్లు సార్," అంది. "కాలేజీకి నేను పోయే స్పీడు ఇంచుమించు అంతే."